ఆకివీడు నుంచి హౌరాకు ఒక్క డ్రైవరు

2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక చేపల లారీ డ్రైవర్ల పని గంటల మీద డెల్టాలో మళ్ళీ వాదన మొదలైంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న లెక్క 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నుంచీ ఉన్నదే. 5 గంటలు పని చేశాక కనీసం అరగంట విరామం, ఒక రోజు డ్యూటీ దిగాక మళ్ళీ ఎక్కే లోపు వరుసగా 9 గంటల విశ్రాంతి కూడా ఆ చట్టంలోవే. ఈ గొడవకు అసలు మూలం 2018లో ఉంది.

అంతవరకూ నేషనల్ పర్మిట్ ఉన్న భారీ లారీలో ఇద్దరు డ్రైవర్లు తప్పనిసరి. రెండో డ్రైవరు కాళ్ళు చాపుకుని పడుకోవడానికి వెనక అడ్డంగా సీటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 90వ నిబంధన చెప్పేది. అంటే విశ్రాంతి అనేది పర్మిట్‌లోనే ఒక షరతు. 2018 నవంబరులో కేంద్రం ఇద్దరు డ్రైవర్ల షరతును తీసేసింది. పని గంటల పరిమితిని మాత్రం ముట్టుకోలేదు.

దాని ఫలితం ఆకివీడు లోడుతో లెక్కేస్తే తెలుస్తుంది. శీలావతి, బొచ్చె చేపల్ని ట్రేల్లో ఐసుతో సర్ది హౌరా మార్కెట్‌కు పంపుతారు. దూరం సుమారు 1,150 కిలోమీటర్లు. టోల్‌గేట్లు, ట్రాఫిక్ కలుపుకుని సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచిందనుకున్నా స్టీరింగ్ మీద 29 గంటలు పడుతుంది. ఒక్క డ్రైవరు రోజుకు 8 గంటలే నడిపితే లారీ నాలుగో రోజుకు గానీ చేరదు. అన్నాళ్ళు ఐసు ఆగదు, మార్కెట్ రేటూ ఆగదు. ఇద్దరుంటే చెరి పధ్నాలుగున్నర గంటలు, రెండు రోజుల్లో మార్చుకుంటూ వెళ్ళొచ్చు. ఒక్కరే ఉండి, సరుకు మాత్రం రెండు రోజుల్లో చేరాలంటే తగ్గేది ఆ మనిషి నిద్రే.

ఓనర్లు చెప్పే మాటలోనూ నిజముంది. డ్రైవర్లు దొరకడం లేదు, రెండో జీతం, బత్తా కిరాయిలో గిట్టదు, పాత రోజుల్లోనూ చాలా లారీల్లో రెండో డ్రైవరు కాగితం మీదే ఉండేవాడు అంటారు.

ఈ లైనులో తిరిగే డ్రైవర్ల బాధ ఇంకాస్త ముందు నుంచి, ప్యాకింగ్ షెడ్డు దగ్గరే మొదలవుతుంది. చెరువులో పట్టుబడి ఆలస్యమైతే లారీ గంటల తరబడి అక్కడే నిలబడాలి. డ్రైవరు పడుకోలేడు, వరస వచ్చినప్పుడల్లా బండి ముందుకు జరపాలి, లోడు చూసుకోవాలి. అయితే చట్టంలో పని గంటల నిర్వచనం చూడండి: టెర్మినల్ దగ్గర ఊరికే హాజరుగా ఉన్న సమయం 15 నిమిషాల లోపైతేనే పనిలో కలుస్తుందని రాసింది. ఓనర్లు దీన్నే పట్టుకుని షెడ్డు దగ్గర గడిచిన రాత్రంతా విశ్రాంతి అంటున్నారు. బండి జరపడం, లోడు చూడడం ఊరికే ఉండడం కాదు. అది అనుబంధ పని, దాన్ని లెక్కలో కలపాలని అదే నిర్వచనం చెబుతోంది. రాత్రంతా షెడ్డు దగ్గర నిలబడి తెల్లవారుజామున బయల్దేరిన మనిషిని 'ఫ్రెష్‌గా ఉన్నాడు' అనడం అన్యాయం.

ఇక కొత్త కోడ్ సంగతి. 1961 చట్టం ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న రవాణా సంస్థలకు వర్తించేది. దాన్ని రద్దు చేసి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. రెండు మూడు లారీలున్న ఓనరు ముందు కూడా బయటే ఉన్నాడు. ఇప్పుడు ఆరేడుగురిని పెట్టుకున్నవాళ్ళు కూడా 'మాకు వర్తించదు' అనే వీలు దొరికింది. మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షన్ అయితే రవాణా వాహనం నడిపే 'ఏ వ్యక్తికైనా' ఆ గంటలే అంటోంది, సంస్థలో ఎంతమంది ఉన్నారని అడగదు. డ్రైవర్లు పట్టుకోవాల్సింది ఈ మాటనే.

అదే సెక్షన్‌లో డ్రైవరు పని గంటల్ని ముందుగా నిర్ణయించి రికార్డు చేయమని ఓనర్లను ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. రుజువు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఫాస్టాగ్‌లో ప్రతి టోల్‌గేటు దాటిన సమయం ఉంటుంది. రాజమండ్రి వైపు మొదటి గేటుకూ హౌరా ముందు చివరి గేటుకూ మధ్య ముప్పై గంటలే ఉండి, ట్రిప్పు షీట్‌లో ఒక్క పేరే కనిపిస్తే, ఆ డ్రైవరుకు దారిలో 9 గంటల విశ్రాంతి ఒక్కసారి కూడా దక్కలేదని ఎవరైనా చెప్పగలరు.