గోదావరి బురదకు ఎంత బరువు?

వానాకాలం సెమిస్టర్‌లో నది నమూనాల ప్రాక్టికల్ మొదలవగానే ఏదో ఒక రికార్డు పేజీ వాట్సాప్‌లో తిరగడం మామూలైంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి నీటి నాణ్యతా సూచిక 350 దాటిందని, వంద దాటితే నీరు దేనికీ పనికిరానట్టేనని ఆ పేజీ చెబుతుంది. మరో బృందం అదే రోజు, అదే రేవులో నీళ్లు పట్టి వందకు 78 వేసి, నది బాగానే ఉందంటుంది. ఈసారీ గొడవ అక్కడే మొదలైంది. లెక్కలో పొరపాటు ఎవరిదని అందరూ వెతుకుతున్నారు. పొరపాటు ఎవరిదీ కాకపోవచ్చు. రెండు సూచికల పుట్టుక వేరు. ఒకదానిలో అంకె పెరిగితే నీరు చెడ్డది, మరోదానిలో పెరిగితే మంచిది.

ముందుగా 350 ఎలా వచ్చిందో చూద్దాం. ఇలాంటి రికార్డుల్లో కనిపించే తరహా అంకెలు తీసుకుందాం: బురద వల్ల నీటికి వచ్చే మసకదనాన్ని చెప్పే టర్బిడిటీ 40 ఎన్‌టీయూ, పీహెచ్ 7.8, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు, కరిగిన ఘనపదార్థాలు 200 మిల్లీగ్రాములు. మన కళాశాలల్లో ఎక్కువగా వాడే సూత్రం ఇది:

```
Wi  = K / Si,   K = 1 / Σ(1/Si)
Qi  = 100 × (Vi − V0) / (Si − V0)
WQI = Σ Wi × Qi
```

Wi అంటే ఒక్కో అంశానికిచ్చే బరువు, Qi అంటే దానికి పడే అంకె, WQI అంటే మొత్తం సూచిక. Si అంటే ప్రమాణం, Vi అంటే కొలిచిన విలువ, V0 అంటే ఆదర్శ విలువ. ఆదర్శ విలువ పీహెచ్‌కు 7, ఆక్సిజన్‌కు 14.6, మిగిలినవాటికి సున్నా. ప్రమాణాలుగా టర్బిడిటీకి 5, పీహెచ్‌కు 8.5, ఆక్సిజన్‌కు 5, ఘనపదార్థాలకు 500 వేస్తే, బరువులు వరుసగా 0.385, 0.226, 0.385, 0.004 వస్తాయి. టర్బిడిటీ ప్రమాణానికి ఎనిమిది రెట్లుంది కాబట్టి దాని Qi 800. మొత్తం సూచిక 353. అందులో 308 ఒక్క బురదదే. మిగిలిన మూడూ కలిసి 45 కూడా లేవు.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. తాగునీటి ప్రమాణాల పత్రం ఐఎస్ 10500లో టర్బిడిటీకి రెండు అంకెలున్నాయి. కోరదగిన హద్దు 1, వేరే వనరు లేనప్పుడు సరిపెట్టుకోగల హద్దు 5. పక్క గడిలోని 1ని ఎంచుకుంటే బురద బరువు 0.76కి పెరుగుతుంది, దాని Qi 4000 అవుతుంది. సూచిక 3000 దాటుతుంది. నీటిలో ఒక్క చుక్క మారలేదు, పట్టికలో చూసిన గడి మారిందంతే.

ఈ సూత్రం మన దేశంలో ఎలా పాతుకుపోయిందన్నదే అసలు కథ. ఈ పద్ధతికి మూలంగా మన పరిశోధన పత్రాలు తరచూ చూపేది భారతీయ నదులపై 1985లో తివారీ, మిశ్రా రాసిన వ్యాసాన్ని. దాని ఆకర్షణ సులభంగా అర్థమవుతుంది. గ్రాఫులు అక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. మీ ల్యాబ్‌లో ఎన్ని పరీక్షలు చేయగలిగితే అన్నే వేసుకోవచ్చు, నాలుగైనా పద్నాలుగైనా. పరికరాలు అంతంతమాత్రంగా ఉన్న డిగ్రీ కళాశాలకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. ప్రమాణం ఎంత చిన్నదైతే పదార్థం అంత ప్రమాదకరం, కాబట్టి బరువూ ఎక్కువ ఉండాలంటారు. సీసం, ఆర్సెనిక్ లాంటివి కొలిచినప్పుడు ఇది నిలుస్తుంది. అయితే ఎన్‌టీయూలో 5, పీహెచ్‌లో 8.5, మిల్లీగ్రాముల్లో 500 ఒకే త్రాసులో తూగే అంకెలు కావు. కొలమానం మారిస్తే బరువూ మారిపోతుంది.

ఇక 78 వేసిన బృందం వాడినది 1970లో అమెరికాలో నేషనల్ శానిటేషన్ ఫౌండేషన్ అండతో బ్రౌన్ బృందం తయారుచేసిన సూచిక. అక్కడ బరువులు సూత్రం నుంచి రాలేదు, మనుషుల నుంచి వచ్చాయి. నీటి నిర్వహణ తెలిసిన 142 మందికి ప్రశ్నపత్రాలు పంపి, ఏ అంశం ఎంత ముఖ్యమో అడిగారు. మిగతావారి జవాబుల సారం చూపించి, అభిప్రాయం మార్చుకుంటారా అని మళ్లీ అడిగారు. చివరికి తొమ్మిది అంశాలు మిగిలాయి. ఒక్కో అంశానికి ఆ నిపుణులు గీసిన వక్రరేఖల సగటే ఈరోజు మనం మార్కులు చదివే గ్రాఫు. బరువులు కరిగిన ఆక్సిజన్‌కు 0.17, టర్బిడిటీకి 0.08. నలభై ఎన్‌టీయూల నీటికి ఆ గ్రాఫులో నలభై పైచిలుకు మార్కులొస్తాయి. బురద నీటికి సగం మార్కులు కూడా రాలేదు, కానీ దాని బరువే తక్కువ కాబట్టి మిగిలిన పరీక్షలన్నీ అది ముంచేయలేదు.

ఆక్సిజన్ దగ్గర తేడా మరీ స్పష్టం. నిపుణుల గ్రాఫు మిల్లీగ్రాములు అడగదు, సంతృప్త శాతం అడుగుతుంది. ఇరవై ఎనిమిది డిగ్రీల నీరు గాలి నుంచి పట్టుకోగలిగేదే లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాములు. కాబట్టి మన 6.5 అంటే 83 శాతం, మార్కులు 90 దరిదాపు. మన సూత్రంలోని 14.6 మాత్రం సున్నా డిగ్రీల నీటి సంతృప్త విలువ. గోదావరి ఎంత స్వచ్ఛంగా పారినా, 28 డిగ్రీల వద్ద పూర్తిగా సంతృప్తమైనా, ఆక్సిజన్ పద్దు కింద దాని Qi 71 పడుతుంది. నది మంచుగడ్డ కానందుకు వేసిన జరిమానా ఇది.

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ అమెరికా సూచికను సవరించి వాడిన రూపంలో నాలుగే అంశాలున్నాయి: ఆక్సిజన్ 0.31, నీటిలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా మల కోలిఫాం 0.28, పీహెచ్ 0.22, మలినాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్‌ను చెప్పే బీఓడీ 0.19. టర్బిడిటీ అసలు లేదు. మండలి నదులను వర్గీకరించే ప్రాథమిక ప్రమాణాల్లోనూ అది కనిపించదు. తాగునీటి వనరుగా వాడే నదిలో ఒండ్రును పటిక వేసి, తేర్చి, వడపోసి తీసేస్తారు. ఐఎస్ 10500 ఆ శుద్ధి అంతా అయ్యాక కుళాయి దగ్గర చూడాల్సిన కొలత. వరద గోదావరికి దాన్ని పెట్టి చూస్తే ఫలితం ఏమవుతుందో ముందే తెలిసిపోతుంది.

అంత బరువు మోసే టర్బిడిటీ రీడింగు కూడా నిలకడైనది కాదు. సీసాను బల్ల మీద పెట్టి మిగతా పరీక్షలు ముగించేలోపు ఒండ్రు అడుక్కు దిగిపోతుంది. సీసాను మెల్లగా తలకిందులు చేసి కలపకుండా పైనీటిని గొట్టంలో పోస్తే 40కి బదులు 15 చూపించవచ్చు. అప్పుడు సూచిక 353 నుంచి 160కి జారుతుంది. రెండు బృందాల అంకెలు పొసగకపోతే ముందు అడగాల్సింది సీసా కలిపారా, ప్రమాణంగా 1 వేశారా 5 వేశారా అనే.

78 వేసినవారూ మరీ నిశ్చింతగా ఉండనక్కర్లేదు. వారి రికార్డులోనూ నాలుగే పరీక్షలున్నాయి, మల కోలిఫాం లేదు. గొట్టాలు ఇంక్యుబేటర్‌లో పెట్టి రోజుల తరబడి చూడాలి కాబట్టి ప్రాక్టికల్‌లో దాన్ని వదిలేస్తుంటారు. పోనీ చేశారనుకుందాం. మిగిలిన ఎనిమిదింటికీ 90 వచ్చి, దానికి బరువు 0.16 ఉండి, మార్కులు 2 వచ్చినా కూడిక పద్ధతిలో సూచిక 76 దగ్గర నిలబడుతుంది, వర్గం 'మంచిది'. ఒక్క ఘోరమైన అంకెను మిగతా మంచి అంకెలు కప్పేస్తాయని గమనించి బ్రౌన్ బృందమే 1973లో గుణకార రూపాన్ని ప్రతిపాదించింది. అందులో ఇవే మార్కులకు 49 వస్తుంది, వర్గం 'చెడ్డది'. మన ప్రాక్టికల్ పుస్తకాల్లో మాత్రం ఆ రూపం అరుదు.