5.72 పాయింట్లలో సంగీతం వాటా ఎంత?

ఆపరేషన్ థియేటర్ బయట ఎదురుచూస్తున్న రోగికి సంగీతం వినిపిస్తే భయం తగ్గుతుందా? దీని మీద జరిగిన ట్రయల్స్‌ ఫలితాలను కలిపి బ్రాట్, డిలియో, షిమ్ అనే పరిశోధకులు చేసిన సమీక్షను కాక్రేన్ సంస్థ 2013లో ప్రచురించింది. అందులో 26 ట్రయల్స్, 2051 మంది రోగులు ఉన్నారు. మామూలు సంరక్షణ మాత్రమే అందినవాళ్లతో పోలిస్తే సంగీతం విన్నవాళ్లలో ఆందోళన సగటున 5.72 పాయింట్లు ఎక్కువగా తగ్గిందని తేలింది. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఉండగల పరిధి, 4.17 నుంచి 7.27 వరకు. ఇంత స్పష్టమైన అంకె చేతిలో ఉన్నప్పుడు "ఆందోళనకు మ్యూజిక్ థెరపీ పనిచేస్తుందని రుజువైంది" అని రాసేయడం చాలా తేలిక. కానీ సమీక్ష రాసేవాళ్ల అసలు పని మొదలయ్యేదే ఇక్కడ.

ముందు ఆ 5.72 అంటే ఏమిటో చూడాలి. ఇది స్పీల్‌బర్గర్ ఆందోళన ప్రశ్నావళి మీద వచ్చిన కొలత. అందులో "ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాను", "బిగుసుకుపోయి ఉన్నాను" లాంటి 20 వాక్యాలు ఉంటాయి. ఒక్కోదానికి "అస్సలు లేదు" నుంచి "చాలా ఎక్కువగా" దాకా నాలుగు జవాబులు, ఒకటి నుంచి నాలుగు మార్కులు. అంటే మొత్తం స్కోరు 20కి తగ్గదు, 80 దాటదు. అరవై పాయింట్ల ఈ పరిధిలో సుమారు ఆరు పాయింట్ల తేడా అంటే, ఇరవై వాక్యాల్లో ఆరింటికి రోగి ఒక్కో మెట్టు తక్కువ జవాబు పెట్టాడన్నమాట. చిన్నదే, కానీ కొట్టిపారేయదగ్గది కాదు.

ఆ ఆరు టిక్కులు పెట్టింది ఎవరు? రోగే. తనకు సంగీతం వినిపించారని ఆ రోగికి తెలుసు, ఎందుకు వినిపించారో కూడా తెలుసు. వండి పెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని "కూర ఎలా ఉంది?" అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? మందుల ట్రయల్‌లో ఈ ఇబ్బందిని ఉత్తుత్తి మాత్రతో దాటేస్తారు. సంగీతం విషయంలో ఆ దారి లేదు. తాను వింటున్నదీ లేనిదీ మనిషికి తెలియకుండా ఉండదు కదా. ఆ సమీక్షలో ఎక్కువ ట్రయల్స్‌కు పక్షపాత ప్రమాదం అధికమని రచయితలే రాసుకున్నారు. దానికి ప్రధాన కారణం ఇదే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఇంటర్వెల్ ఇరుకుగా ఉంది కాబట్టి ఫలితం నమ్మదగిందే అనుకుంటారు. ఆ ఇంటర్వెల్ లెక్కగట్టేది యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులను మాత్రమే. ప్రతి ట్రయల్‌లోనూ రోగులు మర్యాదకో ఆశతోనో రెండు పాయింట్లు తగ్గించి చెప్పారనుకోండి. అలాంటి ట్రయల్స్‌ను ఎన్ని కలిపినా ఆ రెండు పాయింట్లు అలాగే ఉంటాయి, ఇంటర్వెల్ మాత్రం ఇంకా ఇరుకవుతుంది.

మరి ఏం చూడాలి? ఒకటి, పోల్చిన గ్రూపుకు ఏమిచ్చారన్నది. సంగీతం లేకుండా ఊరికే హెడ్‌ఫోన్ పెట్టిన గ్రూపు ఉంటే వార్డు గోల తగ్గడం, ఎవరో వచ్చి పలకరించడం లాంటివి రెండు వైపులా సమానమవుతాయి. మిగిలిన తేడాలో సంగీతం వాటా ఎక్కువని అప్పుడు అనుకోవచ్చు. రెండు, రోగి ఇష్టాయిష్టాలతో పని లేని కొలతలు ఏం చెప్పాయన్నది. కాక్రేన్ సమీక్షలో గుండె వేగం మీదా, కింది రక్తపోటు మీదా కొద్దిపాటి ప్రభావం కనిపించింది. పై రక్తపోటు, శ్వాస వేగం, చర్మ ఉష్ణోగ్రతల్లో కనిపించలేదు. అంతమాత్రాన రోగులు చెప్పింది అబద్ధమని కాదు. భయం అనేది అనుభవించేవాళ్లు చెబితేనే తెలిసే విషయం, నాడి దానికి పూర్తి సాక్షి కాలేదు. అయితే రెండూ ఒకే మాట చెప్పి ఉంటే మన ధీమా పెరిగేది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ 26 ట్రయల్స్‌లోనూ రోగులు విన్నది ముందే రికార్డు చేసిన సంగీతం. శిక్షణ పొందిన థెరపిస్టు పక్కన కూర్చుని, రోగితో మాట్లాడి, అతని ఊపిరిని బట్టి లయ మార్చుకుంటూ పాడటమో, అతనితో వాయింపించడమో వీటిలో జరగలేదు. మ్యూజిక్ థెరపీ అంటే ఆ రంగంలోవాళ్లు చెప్పేది ఆ పని గురించే.

సాక్ష్యానికి బలం నిర్ణయించే గ్రేడ్ పద్ధతిలో ఇది ఎలా పడుతుందో చూడండి. యాదృచ్ఛికంగా పంచిన ట్రయల్స్ కాబట్టి "అధికం" అనే మెట్టు దగ్గర మొదలుపెడతాం. పక్షపాత ప్రమాదానికి ఒక మెట్టు దిగుతాం, "మధ్యస్థం". మన ప్రశ్న "ఆపరేషన్‌కు ముందు రికార్డు సంగీతం వింటే ఆందోళన తగ్గుతుందా?" అయితే, ఫలితాల మధ్య పొంతన లేదనిపిస్తే తప్ప అక్కడే ఆగవచ్చు. ప్రశ్న "మ్యూజిక్ థెరపీతో తగ్గుతుందా?" అయితే సాక్ష్యం పరోక్షమవుతుంది, ఇంకో మెట్టు దిగి "తక్కువ" అని రాయాలి. అవే ట్రయల్స్, అదే 5.72. మన ప్రశ్న మారిందంతే, దాంతో బలమూ మారింది. అందుకే సమీక్ష మొదట్లో ప్రశ్నను ఎంత కచ్చితంగా రాశామన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది.

ఆ సమీక్ష ముగింపులో, ఆపరేషన్‌కు ముందు ఆందోళన తగ్గించడానికి ఇచ్చే మత్తు మందులకు సంగీతం ఆచరణీయమైన ప్రత్యామ్నాయం కావచ్చన్న మాట కూడా ఉంది. మామూలు సంరక్షణ కన్నా మెరుగని తేలినంత మాత్రాన మందుకు సమానమని తేలినట్టు కాదు. దానికి రెంటినీ ఎదురెదురుగా పెట్టిన ట్రయల్స్ కావాలి. 2009లో వచ్చిన ఒక స్వీడన్ ట్రయల్‌లో 372 మందిని సంగీతానికీ మిడజోలామ్ అనే అలాంటి మందుకూ పంచారు. ఆందోళన స్కోరు సంగీతంతో 34 నుంచి 30కి, మందుతో 36 నుంచి 34కి తగ్గింది. సంగీతమే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ చివరిదాకా ఉన్నవాళ్లు సంగీతం వైపు 177, మందు వైపు 150. మొదట ఇంచుమించు సగం సగం పంచి ఉంటే మందు వైపే ఎక్కువమంది తప్పుకున్నట్టు. తప్పుకున్నవాళ్ల స్కోర్లు ఎలా ఉండేవో ఫలితంలో లేదు. పైగా అందరూ మొదలైందే 35 దగ్గర, అంటే పెద్దగా భయపడుతున్నవాళ్లు కారు.

పదేళ్ల తర్వాత, 2019లో, అమెరికాలో 157 మంది మీద ఇంకో ట్రయల్ వచ్చింది. నరానికి మత్తు ఇవ్వడానికి మూడు నిమిషాల ముందు కొందరికి సంగీతం మొదలుపెట్టారు, మిగిలినవాళ్లకు రక్తనాళంలోకి మిడజోలామ్ ఇచ్చారు. సంగీతంతో 1.6, మందుతో 4.2 పాయింట్లు తగ్గాయి, పీ విలువ 0.13. అంటే గణాంకాల పరంగా తేడా తేలలేదు. "రెండూ ఒకటే" అని దీన్ని చదవడం మామూలుగా జరిగే తప్పు. ప్రచురించిన విచలనాలతో లెక్కవేస్తే, మందు ఆరు పాయింట్లు మెరుగై ఉండవచ్చు, లేదా సంగీతమే ఒక పాయింటు దాకా మెరుగై ఉండవచ్చు. ఆరు పాయింట్లంటే, కాక్రేన్ సమీక్ష మొత్తంగా సంగీతానికి ఇచ్చిన ప్రభావమంత. అంత తేడాను తోసిపుచ్చలేని ట్రయల్‌తో సమానత్వాన్ని నిరూపించలేం. రోగుల సంతృప్తి కూడా మందు వైపే ఎక్కువగా ఉంది. చెవులు మూసే హెడ్‌ఫోన్ల వల్ల మాట్లాడుకోవడం కష్టమైందని సంగీతం గ్రూపులో రోగులూ డాక్టర్లూ ఇద్దరూ చెప్పారు.

ఈ రెండు ట్రయల్స్ చెరో వైపు మొగ్గుతున్నాయి. ఒకదాంట్లో మందు మాత్ర రూపంలో, ఇంకోదాంట్లో నేరుగా రక్తనాళంలోకి. సంగీతం విన్న సమయమూ ఒకటి కాదు. వీటిని కలిపి ఒకే సగటు తీయడం నాకు సమ్మతం కాదు. సమీక్షలో రెంటినీ పక్కపక్కన పెట్టి, మందుతో సమానమా అన్న ప్రశ్నకు సాక్ష్యం "చాలా తక్కువ" అని రాస్తాను. రికార్డు సంగీతం ఆపరేషన్ ముందు ఆందోళనను బహుశా కొంత తగ్గిస్తుందన్న వాక్యాన్ని మాత్రం వేరే పేరాలో, ఆ 5.72తో సహా ఉంచుతాను.