మాస్టారు కోసిన 58 రూపాయలు: సంఘం డిపాజిట్ వడ్డీ, టీడీఎస్ (అపోహలు - వాస్తవాలు)

బెంగళూరులో యలహంక దగ్గర నా ఆఫీసు. బాగేపల్లి వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లకు బస్సు దిగితే నడిచి రాగల దూరం. అటువైపు ఊళ్లలో మన తెలుగే ఎక్కువ కనుక లెక్కల మాట కూడా తెలుగులోనే నడుస్తుంది. నిరుడు డిసెంబరు ఆఖరి వారంలో ఒక వ్యవసాయ సహకార సంఘం కోశాధికారి వచ్చారు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. చేతిసంచిలో డిపాజిట్ల లెడ్జరు, జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. సభ్యుల డిపాజిట్లపై వడ్డీలో ఎంత పన్ను కోయాలో ఆ కాగితం మీద తానే లెక్కకట్టుకొచ్చారు. గుణకారంలో తప్పు లేదు, తప్పంతా ఆయన మొదలుపెట్టిన చోట ఉంది. మా దగ్గరికి వచ్చే కోశాధికారులు పదిమందిలో ఎనిమిదిమంది తప్పేది అక్కడే.

(ఈ లెక్కలు 2025-26వి, 1961 చట్టం 194ఏ సెక్షన్ కిందివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. నేను పాత పేర్లే వాడుతున్నాను.)

అపోహ: "మా డిపాజిట్లు 18 కోట్లే. 50 కోట్లు దాటితే కదా టీడీఎస్!"

50 కోట్ల మాట నిజమే కానీ అది డిపాజిట్ల కొలత కాదు. 2020 వరకు బ్యాంకు కాని సహకార సంఘం తన సభ్యులకిచ్చే వడ్డీలో పన్ను కోయనక్కరలేదు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఒక షరతు వచ్చింది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో సంఘం మొత్తం అమ్మకాలు, స్థూల వసూళ్లు లేదా టర్నోవర్ 50 కోట్లు దాటితే ఆ మినహాయింపు అక్కరకు రాదు. మాస్టారి సంఘానికి ఎరువుల దుకాణం, పశువుల దాణా, పెట్రోలు బంకు ఉన్నాయి. 2024-25 ఆడిట్ పత్రాల్లో అమ్మకాలు 51 కోట్ల 40 లక్షలు. కాబట్టి 2025-26లో కోయాల్సిందే.

"వచ్చే ఏడు 49 కోట్లకు పడిపోతే?" అన్నారు. అలా పడితే ఆ తర్వాతి ఏడాది సభ్యుల వడ్డీలో కోత ఉండదు. ఏటా మార్చి దాటగానే చూసుకోవలసిన గీత ఇది. ఎక్కువ ఊళ్ల సంఘాలు ఈ గీతకు చాలా కింద ఉంటాయి. అయినా ఎవరో చెప్పారని సభ్యుల దగ్గర పది శాతం కోసేస్తుంటాయి. అదీ తప్పే.

అపోహ: "ఏ బాండూ 50 వేల వడ్డీ దాటలేదు. దాటినా దాటినంత మీదే పన్ను."

మాస్టారు మడిచి తెచ్చిన కాగితం కథ ఇదే. ఒక సభ్యుడి వయసు 48. పట్టు దారం తీసే యూనిట్ ఉంది, పన్ను కడతాడు. ఆయనకు రెండు డిపాజిట్లు. మొదటిది 5 లక్షలు, ఎనిమిదిన్నర శాతం, వడ్డీ మూడు నెలలకోసారి చేతికి వస్తుంది. త్రైమాసికానికి 10,625 చొప్పున ఏడాదికి 42,500. రెండోది అక్టోబరు 1న వేసిన 2 లక్షలు, 8 శాతం, వడ్డీ అసలులో కలుస్తూ పోయే రకం. డిసెంబరుకు 4,000, మార్చికి 2,04,000 మీద 4,080. మొత్తం 8,080.

విడివిడిగా చూస్తే ఏదీ 50 వేలు దాటలేదు. కానీ చట్టం బాండును కాదు, మనిషిని చూస్తుంది. రెండూ కలిపితే 50,580. మాస్టారికి ఇది బస్సులోనే అనుమానం వచ్చిందట. అందుకే అంకెను కొట్టేసి కింద ఇంకోటి రాశారు: దాటింది 580, పది శాతం 58.

"58 కాదు మాస్టారూ, 5,058" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "580 రూపాయలు ఎక్కువొచ్చినందుకు ఐదువేలా తల్లీ?"

అవును. 60 ఏళ్లలోపు సభ్యుడికి 50 వేలు, పెద్దవాళ్లకు లక్ష అనేవి కోత మొదలవడానికి గడపలు. గడప దాటితే వడ్డీ మొత్తం మీద పది శాతం. ఇది మినహాయింపు కాదు. ఆదాయపు పన్ను శ్లాబుల అలవాటుతో ఆలోచిస్తే ఇక్కడ దెబ్బ తింటాం. కోసిన సొమ్ము సభ్యుడి పాన్ మీద జమై, ఆయన రిటర్నులో కట్టాల్సిన పన్నులో తగ్గుతుందనేది వేరే విషయం.

ఇక ఎప్పుడు కోయాలి? దాటుతుందని ముందే తెలిస్తే చివరిదాకా ఆగకూడదు. జూన్, సెప్టెంబరు వడ్డీ 21,250 కోత లేకుండా ఇచ్చేశారు. అప్పటికి రెండో డిపాజిట్ లేదు, ఏడాది మొత్తం 42,500 దగ్గరే ఆగేది, కనుక అది తప్పు కాదు. డిసెంబరు 31 నాటికి కలిపితే 35,875. దీనిమీద 3,588 కోయాలి. అదే ఆర్థిక సంవత్సరంలో ముందు కోయనిది తర్వాత సర్దుకోవడానికి సెక్షన్ ఒప్పుకుంటుంది. చేతికిచ్చే 10,625లోంచి కోసి 7,037 ఇమ్మన్నాను. రెండో డిపాజిట్ లెక్క కదిలించనక్కరలేదు. మార్చిలో మిగిలిన 14,705 మీద 1,470 కోస్తే మొత్తం 5,058కి సరిపోతుంది. మాస్టారు రెండుసార్లు కూడి చూసుకున్నాకే లెడ్జరులో పెన్సిలుతో రాసుకున్నారు.

అపోహ: "అసలులో కలిసే వడ్డీకి గడువు తీరినప్పుడు కోస్తే చాలు."

చాలదు. ఇస్తేనో, ఖాతాలో జమచేస్తేనో, ఏది ముందైతే అప్పుడే కోత. ఆ జమను "చెల్లించాల్సిన వడ్డీ" అని రాసినా, సస్పెన్స్ ఖాతాలో పడేసినా సభ్యుడికి జమచేసినట్టే. అయిదేళ్ల బాండును చివర్లో చూద్దామని వదిలేసిన ఒక సంఘం ఏటేటి కోతకూ నెలకు 1 శాతం చొప్పున వడ్డీ కట్టడం చూశాను. కోసి కట్టకపోతే ఇంకా ఎక్కువ, నెలకు ఒకటిన్నర శాతం.

మాస్టారి కాగితం మీద 10.4 శాతం అని ఒకచోట ఉంది. 4 శాతం సెస్సు కలిపారన్నమాట. దేశంలో ఉండే సభ్యుడి వడ్డీ టీడీఎస్‌లో సెస్సు ఉండదు, పదంటే పదే. దాన్ని ఆయనే కొట్టేశారు.

అపోహ: "పంట డబ్బు దాచుకున్నాం, వ్యవసాయ ఆదాయానికి పన్నుండదు కదా."

పంటకు ఉండదు. పంట డబ్బు మీద వచ్చిన వడ్డీ వ్యవసాయ ఆదాయం కాదు. అయితే సభ్యుడి మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అయితే దారి ఉంది. తనకు పన్ను పడదని రాసిచ్చే ఫారం, పెద్దవాళ్లు 15హెచ్, మిగతావాళ్లు 15జి ఇస్తే కోత ఉండదు. 15జి ఇచ్చే మనిషికి ఇంకో షరతుంది, అలాంటి వడ్డీ ఆదాయాల మొత్తం కనీస మినహాయింపు పరిమితిని దాటకూడదు.

మాస్టారి లెడ్జరులో ఒక పెద్దావిడ ఉంది. 15 లక్షలు, 8 శాతం, ఏడాదికి లక్షా 20 వేల వడ్డీ. వేరే ఆదాయం లేదు. ఫిబ్రవరిలో 60 నిండుతాయి. "అప్పటిదాకా పెద్దావిడ కాదు కదా" అన్నారు. ఆ ఆర్థిక సంవత్సరంలో ఏ రోజు 60 నిండినా ఆ సంవత్సరానికి పెద్దావిడే. ఆమెకు అసలు చిక్కు పాన్‌తో. పాన్ లేకపోతే 15హెచ్ చెల్లదు, కోత 20 శాతానికి పెరుగుతుంది. అంటే 24 వేలు. పాన్ ఇచ్చి ఫారం ఇవ్వకపోతే 12 వేలు. రెండూ ఇస్తే సున్నా.

డిసెంబరు కోత జనవరి 7లోగా, మార్చి కోత ఏప్రిల్ 30లోగా 281 చలానాతో కట్టాలని, దానికి సంఘానికి పాన్ చాలదు, పన్ను కోసేవాళ్లకిచ్చే టాన్ నంబరు ఉండాలని చెప్పాను. త్రైమాసికానికి ఒక 26క్యూ రిటర్ను, ఆ తర్వాత సభ్యుడికి 16ఏ పత్రం. 26క్యూ ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము.

జనవరి 5న మాస్టారు ఫోను చేశారు. చలానా కట్టేశారట. "యూనిట్ ఆయన వచ్చి 7,037 ఏమిటని గొడవ పడ్డాడమ్మా. కాగితం చూపించాను. రెండో బాండు మొన్న ఏప్రిల్‌లోనే వేసుంటే ఇంకా ఎంత పోయేదో లెక్కేసి చెప్పమన్నాడు."

"చెప్పారా?"

"చెప్పాను. టీ తాగి వెళ్లాడు. పెద్దావిడ పాన్ కార్డు ఇంకా దొరకలేదు, వాళ్లబ్బాయి ట్రంకుపెట్టె వెతుకుతున్నాడు."