పీటీ మామూలే, ఏపీటీటీ ఎక్కువ: గడ్డకట్టడానికి రెండు పరీక్షలెందుకు?

ఆదోని నుంచి ఎనిమిదేళ్ల పిల్లవాడిని మోకాలు వాచి కర్నూలుకు తెచ్చారనుకుందాం. పెద్ద దెబ్బేమీ తగల్లేదు, ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయి. రక్తం ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో కొలిచే పరీక్షలు రెండు చేశారు. పీటీ, అంటే ప్రోత్రాంబిన్ టైమ్, 13 సెకన్లు, అది మామూలే. 30–40 మధ్య ఉండాల్సిన ఏపీటీటీ, అంటే యాక్టివేటెడ్ పార్షియల్ థ్రాంబోప్లాస్టిన్ టైమ్, మాత్రం 82 వచ్చింది. రక్తం ఒకటే, జవాబులు రెండు. దీని వెనక కథ 1935 నుంచి ఉంది.

అమెరికన్ వైద్యుడు ఆర్మండ్ క్విక్ ఆ ఏడాది ప్లాస్మాలో మెదడు కణజాలం నుంచి తీసిన థ్రాంబోప్లాస్టిన్ అనే గడ్డకట్టించే మందు, కాల్షియం వేసి, ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో లెక్కపెట్టాడు. అదే పీటీ. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినవాళ్లలో సమయం పెరిగింది. 8వ లేదా 9వ ఫ్యాక్టర్ కొరతతో వచ్చే రక్తస్రావ జబ్బు హీమోఫీలియా ఉన్నవాళ్లలో పెరగలేదు! ఫ్యాక్టర్లంటే గడ్డకట్టించే ప్రోటీన్లు, వాటికి అంకెలే పేర్లు. కారణం ఆ మందులోనే ఉంది. అందులో దండిగా ఉండే టిష్యూ ఫ్యాక్టర్, 7వ ఫ్యాక్టర్‌తో కలిసి 10ని నేరుగా లేపుతుంది. దీన్నే బయటి దారి అంటారు. ఆ అడ్డదారిలో 8, 9 లేకున్నా పని జరిగిపోతుంది.

1953లో లాంగ్‌డెల్, వాగ్నర్, బ్రింకస్ టిష్యూ ఫ్యాక్టర్ లేకుండా ఫాస్ఫోలిపిడ్ మాత్రమే ఉన్న పాక్షిక థ్రాంబోప్లాస్టిన్ వాడారు. అడ్డదారి మూసుకుపోవడంతో రక్తం 12, 11, 9, 8 మీదుగా, అంటే లోపలి దారిలోనే నడవాలి. హీమోఫీలియా అప్పుడు బయటపడింది. 1961లో ప్రాక్టర్, రాపాపోర్ట్ కయోలిన్ పొడి కలిపి 12ని ప్రతిసారీ ఒకేలా లేపారు. ఏపీటీటీ అలా వచ్చింది. రెండు దారులూ 10 దగ్గర కలుస్తాయి. అక్కణ్నుంచి 5, ప్రోత్రాంబిన్, ఫైబ్రినోజెన్ ఉమ్మడి దారి.

మన పిల్లవాడికి పీటీ బాగుంది కాబట్టి 7కీ, ఉమ్మడి దారికీ దోషం లేదు. ఆ మాట అనేముందు ట్యూబు చూడాలి. నీలం మూత ట్యూబులో గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ 0.3 మి.లీ.కు 2.7 మి.లీ. రక్తం పడాలి. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువై, రక్తం మంచిదైనా సమయం సాగుతుంది. ట్యూబు సరిగ్గా ఉంటే పిల్లవాడి ప్లాస్మాకు మామూలు ప్లాస్మా సమంగా కలిపి మళ్లీ ఏపీటీటీ చేస్తారు. 36కి దిగితే ఫ్యాక్టర్ కొరత. దిగకపోతే అడ్డుపడే ఇన్హిబిటర్ ఉందేమోనని చూడాలి. 8ని అడ్డుకునే ఇన్హిబిటర్ కొన్నిసార్లు వెంటనే దొరకదు, 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాక చూడాలి. కొరతేనని తేలితే 8, 9 ఫ్యాక్టర్లను విడిగా కొలవాలి. 12 కొరత కూడా ఏపీటీటీని బాగా పెంచుతుంది, కానీ రక్తం కారదు. ఇక్కడ రక్తం కారే మోకాలు వాచింది కాబట్టి అనుమానం దాని మీదికి పోదు.

ఈ దారుల విభజన ట్యూబుకు సరిపోతుంది, ఒంటికి అంతగా కాదు. ఒంట్లో టిష్యూ ఫ్యాక్టర్, 7 కలిసి 9ని కూడా లేపుతాయి. ఇక 13 సంగతి మరీ వేరు. అది కట్టిన గడ్డను బిగించేది, రెండు పరీక్షలూ గడ్డ కనబడగానే ఆగిపోతాయి. అందుకే బొడ్డు ఊడాక రక్తం కారుతున్న పసిబిడ్డకు రెండూ మామూలుగా వస్తే, గడ్డను యూరియాలో వేసి కరిగిపోతుందేమో చూస్తారు.