వర్క్‌షీట్‌లో పదికి పది, తీసివేతలో 276

అంబర్‌పేటలో మూడో తరగతికి లెక్కలు చెప్పే ఒక టీచర్ గారు మొన్న నన్ను అడిగారు: "మా పిల్లలకి స్థాన విలువ వర్క్‌షీట్‌లో పదికి పది వస్తాయండి. అదే పిల్లలు వారం తిరక్కుండా 302లోంచి 178 తీసేయమంటే 276 వేస్తున్నారు. నేర్చుకున్నదంతా ఏమైపోతోంది?"

ఆ వర్క్‌షీట్ చూశాక నాకు అర్థమైంది. "3 వందలు, 4 పదులు, 5 ఒకట్లు, సంఖ్య ఎంత?" అని ఉంది. అందులో వందలు, పదులు అనే మాటలు కొట్టేసి అంకెల్ని వరసగా అతికించినా 345 వస్తుంది! అంటే స్థాన విలువ ఏమాత్రం తెలియని పిల్లకీ పూర్తి మార్కులే. తప్పు ఆలోచనతో ఒప్పు జవాబు వచ్చే ప్రశ్న పిల్లల మనసులో ఏముందో బయటపెట్టదు, పైగా అంతా బాగానే ఉందని మనల్ని నమ్మిస్తుంది.

అదే ప్రశ్నని కొంచెం కదిపి చూడండి: "2 వందలు, 14 పదులు, 3 ఒకట్లు, సంఖ్య ఎంత?" 200, 140, 3 కలిపితే 343. ఈ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది సరైన జవాబు కాదు, తప్పు జవాబులు. అతికించే పిల్ల 2143 రాస్తుంది. పదుల గదిలో ఒక్క అంకే ఉండాలని బట్టీపట్టిన పిల్లవాడు 14లో 4 ఉంచుకుని 1 వదిలేసి 243 రాస్తాడు. వందైనా, పదైనా, ఒకటైనా అన్నీ ఒకే రకం వస్తువులనుకునే పిల్ల 2, 14, 3 కూడి 19 అంటుంది. మూడు తప్పులకీ మూడు వేరు వేరు కారణాలు, కాబట్టి మందూ వేరే. అందరికీ కలిపి "మళ్ళీ చెప్తాను, వినండి" అంటే ఎవరికీ పనిచేయదు.

టీచర్ గారు దీన్ని పలకల మీద రాయించారు, మార్కులు లేకుండా. ఒక బాబు 2143 రాశాడు. తప్పు అనకుండా, చదవమన్నారు. "రెండు వేల నూట నలభై మూడు" అన్నాడు గట్టిగా. తర్వాత ఆటనోట్లు ముందు పెట్టారు: రెండు వంద నోట్లు, పద్నాలుగు పది నోట్లు, మూడు రూపాయి బిళ్ళలు. "ఇందులో రెండు వేలు ఉన్నాయా?" బాబు చాలాసేపు నోట్ల వైపే చూశాడు, తర్వాత పది నోట్లు పది లెక్కపెట్టి పక్కకు జరిపి, వాటి బదులు ఇంకో వంద నోటు అడిగాడు. ఆ మార్పిడే స్థాన విలువ. 243 రాసిన పిల్లవాడికి గదుల నియమం వచ్చు, మిగిలిన ఆ పది పదులు ఎక్కడికి పోవాలో తెలియదు, వాడికి నోట్లు మార్చే ఆట చాలు. 19 అన్న పాపకి మాత్రం నోట్లకన్నా ముందు పుల్లలు కావాలి, పదేసి రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించాలి, ఎందుకంటే నోటు మీద పది అని రాసి ఉంటుందే తప్ప అందులో పది వస్తువులు కంటికి కనబడవు.

ఒక్క ప్రశ్నతో తీర్మానించకూడదు, గుడ్డిగా తగలొచ్చు, పక్క పలక చూసి రాయొచ్చు. అందుకే వెంటనే వరస తిప్పి ఇంకొకటి: "5 ఒకట్లు, 12 పదులు, 3 వందలు." జవాబు 425. అతికిస్తే 5123, 12లో 1 వదిలేస్తే 325, ఉత్తగా కూడితే 20. రెండుసార్లూ ఒకే రకం తప్పు వస్తే అది పొరపాటు కాదు, పిల్లవాడి దగ్గరున్న నియమం.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. పదహారు అనే మాటలోనే పది వినబడుతుంది, అయినా 16 పుల్లలు ముందు పోసి "16లో ఈ 1 అంటే ఎన్ని పుల్లలో చూపించు" అంటే ఒకే పుల్ల చూపించే పిల్లలు ఉంటారు. మాట సాయం చేస్తుంది కానీ పని తను చేసిపెట్టదు. హైదరాబాద్ పిల్లలైతే ముప్పై ఐదు, థర్టీ ఫైవ్, పైంతీస్ మూడూ వింటారు. పైంతీస్‌లో ఐదు ముందు వినబడుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల 53 రాస్తే, "పైంతీస్ రాయి" అని ఒకసారి, "ముప్పై ఐదు రాయి" అని ఒకసారి అడిగి చూడండి. ఒకదానికే తిరగబడితే చిక్కు పదం దగ్గరుంది, స్థాన విలువ దగ్గర కాదు.

ఇక ఆ 276. 3లోంచి 1, 7లోంచి 0, 8లోంచి 2, ప్రతి గదిలోనూ పెద్దదాంట్లోంచి చిన్నది తీశారు. "సున్నా దగ్గర అప్పు ఎలా తేవాలి" అని మళ్ళీ చెప్పేముందు ఒక్క ప్రశ్న అడగమన్నాను: "302 రూపాయల్లో ఎన్ని పది నోట్లు వస్తాయి?" సున్నా అని జవాబిస్తే పదుల స్థానంలో సున్నా ఉందని చదవడం, ముప్పై అని జవాబిస్తే లోపల ఎన్ని పదులున్నాయో చూడడం. ముప్పై అన్న పిల్లకి 302 అంటే 30 పదులు, 2 ఒకట్లు. అందులో ఒక పది విప్పితే 29 పదులు, 12 ఒకట్లు. 17 పదులు, 8 ఒకట్లు తీసేస్తే 12 పదులు, 4 ఒకట్లు, అంటే 124. టీచర్ గారు ఆ సాయంత్రం ఫోన్ చేసి, క్లాసులో ఎక్కువమంది సున్నా అన్నారని చెప్పి, రేపటికి రబ్బరు బ్యాండులు ఎన్ని ప్యాకెట్లు కొనాలని అడిగారు.