స్నూకర్‌లో బాల్ పడకుండానే స్కోరు ఎందుకు పెరుగుతుంది? అపోహలు - వాస్తవాలు

క్లబ్ మ్యాచ్‌లలో రిఫరీగా నిలబడినప్పుడు, ఆట కొత్తగా చూసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఎవరూ బాల్ వేయలేదు కదండీ, అతనికి నాలుగు పాయింట్లు ఎలా వచ్చాయి?" ఇది అర్థమైతే ఆట సగం అర్థమైనట్టే.

ముందు లెక్క చూద్దాం. 15 రెడ్ బాల్స్, ఒక్కోటి 1 పాయింటు. ఎల్లో 2, గ్రీన్ 3, బ్రౌన్ 4, బ్లూ 5, పింక్ 6, బ్లాక్ 7. ఒక రెడ్‌ని పాకెట్‌లో వేస్తే, తర్వాత ఒక కలర్ వేయాలి. రెడ్లు ఉన్నంతవరకు పడిన కలర్‌ని తీసి మళ్లీ దాని స్థానంలో పెడతారు. రెడ్లన్నీ అయిపోయాక కలర్లను ఎల్లో నుంచి బ్లాక్ దాకా వరసగా వేయాలి. ఆ ఆరింటి విలువ మొత్తం 27. ఈ అంకె గుర్తుంచుకోండి, కింద పని పడుతుంది.

అపోహ: ఫౌల్ చేస్తే పాయింట్లు తగ్గుతాయి.

ఎవరి పాయింట్లూ తగ్గవు, అవతలివాడికి కలుస్తాయి. కనీసం 4, గరిష్ఠంగా 7. కర్రతో కొట్టే తెల్ల బాల్‌ని వైట్ అంటారు, అది ముందుగా ఆ వంతులో కొట్టాల్సిన బాల్‌నే తాకాలి. ఎల్లో కొట్టాల్సిన వంతులో వైట్ దేన్నీ తాకకపోతే 4. ముందుగా బ్లూని తాకితే 5, బ్లాక్‌ని తాకితే 7. వైట్ పాకెట్‌లో పడినా ఫౌలే. చొక్కా చెయ్యి ఏ బాల్‌కి తగిలినా ఫౌలే.

అపోహ: స్నూకర్ అయ్యాడంటే ఫౌల్ చేసినట్టే.

కాదు. కొట్టాల్సిన బాల్‌కి నేరుగా వెళ్లే దారిలో వేరే బాల్ అడ్డొచ్చిందని మాత్రమే దానర్థం. అయినా ఆ బాల్‌ని తాకాల్సిందే. టేబుల్ అంచున ఉండే కుషన్‌కి కొట్టి తిప్పి తాకించొచ్చు, వైట్‌ని కొంచెం వంపు తిరిగేలా కొట్టొచ్చు. పూల్ ఆడేవాళ్లలా అడ్డున్న బాల్ మీద నుంచి వైట్‌ని ఎగిరిస్తే మాత్రం ఫౌల్.

ఫౌల్ జరిగాక వైట్ ఆగిన చోటు నుంచి కొట్టాల్సిన బాల్ రెండు అంచుల్లో ఏ ఒక్కటి నేరుగా అందకపోయినా రిఫరీ ఫ్రీ బాల్ ఇస్తాడు. సగం కనిపిస్తోంది కదా అంటే కుదరదు. అప్పుడు ఆటగాడు వేరే బాల్‌ని ఎంచుకుని, కొట్టాల్సిన బాల్ బదులు దాన్ని కొడతాడు. అది పడితే కొట్టాల్సిన బాల్ విలువే వస్తుంది.

అపోహ: మిగిలిన పాయింట్ల కంటే ఆధిక్యం ఎక్కువైతే ఫ్రేమ్ అయిపోయినట్టే.

ఫ్రేమ్ అంటే మ్యాచ్‌లో ఒక ఆట. టీవీ ముందు నుంచి చాలామంది లేచిపోయేది ఇక్కడే. అసలు మజా అంతా ఇక్కడే ఉంది. ఒక లెక్క వేసి చూద్దాం.

రెడ్లు అయిపోయాయి, ఆరు కలర్లూ టేబుల్ మీదున్నాయి. మొదటివాడు 64, రెండోవాడు 35. తేడా 29, మిగిలింది 27. రెండోవాడు అన్నీ వేసినా 62 దగ్గర ఆగిపోతాడు. అంటే అతనికి ఒక ఫౌల్ కావాలి. దీన్నే కామెంటరీలో 'ఒక స్నూకర్ కావాలి' అంటారు.

ఇప్పుడు ఎల్లో సులువుగా పడేలా ఉన్నా అతను వేయకపోవచ్చు. భయపడి కాదు. ఎల్లో వేసినా, గ్రీన్ వేసినా అతనికి కావాల్సింది ఆ ఒక్క ఫౌలే. కానీ టేబుల్ మీద బాల్స్ తగ్గేకొద్దీ వైట్‌ని దాచడానికి చాటు తగ్గిపోతుంది. అందుకే ఎల్లోని ఉంచి, వైట్‌ని మెల్లగా బ్రౌన్ వెనక్కి చేరుస్తాడు. మొదటివాడు కుషన్ మీదుగా ప్రయత్నిస్తాడు, వైట్ ఎల్లో పక్క నుంచి వెంట్రుకవాసిలో వెళ్లిపోతుంది. నాలుగు పాయింట్లు! 64-39. తేడా 25, టేబుల్ మీద 27. వరసగా అన్నీ వేస్తే 66-64తో రెండోవాడిదే ఫ్రేమ్.

ఇక్కడ ఇంకో అనుమానం వస్తుంది. మామూలుగా, తాకడానికి తగినంత ప్రయత్నం చేయలేదని రిఫరీకి అనిపిస్తే 'ఫౌల్ అండ్ ఎ మిస్' అంటాడు. అప్పుడు అవతలివాడు కోరితే బాల్స్‌ని ఆ షాట్‌కి ముందున్న చోటే పెట్టి మళ్లీ కొట్టిస్తారు, ప్రతిసారీ పాయింట్లు కలుస్తూ పోతాయి. మరి పైన మిస్ ఎందుకు లేదు? ఒకరికి గెలవడానికి ఫౌల్ పాయింట్లే దిక్కైన స్థితిలో మిస్ ఇవ్వరు. కావాలనే తప్పించి కొట్టాడనిపిస్తే తప్ప.

స్నూకర్ అవసరం లేకుండా కేవలం లెక్క మీద తిరిగిన ఫ్రేమ్ కూడా ఒకటుంది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో స్టీవ్ డేవిస్, డెనిస్ టేలర్ 17-17 ఫ్రేమ్‌లతో సమానంగా ఉన్నారు. ఆఖరి ఫ్రేమ్‌లో డేవిస్ 62, టేలర్ 44. మిగిలినవి బ్రౌన్, బ్లూ, పింక్, బ్లాక్, అంటే 22. తేడా 18 కాబట్టి టేలర్‌కి ఫౌల్ అక్కర్లేదు, కానీ ఒక్క బాల్ కూడా వదలడానికి లేదు. మొదటి మూడూ వేశాడు, స్కోరు 59-62. బ్లాక్ మీద ఇద్దరూ తప్పారు. చివరికి టేలర్ వేశాడు, 66-62.