కంటి చివర మెరుపు, ఎదుట నల్లటి నలుసులు: రెటీనా చిరిగిన రోజు

యాభై ఆరేళ్ల ఉపాధ్యాయుడు ఒకరున్నారనుకుందాం. బడికి వెళ్లే రోజుల నుంచే ఆయనకు దూరపు చూపు తక్కువ, అద్దాల పవరు మైనస్ ఆరు. ఒక రాత్రి మంచినీళ్ల కోసం చీకట్లో లేచినప్పుడు కుడి కంటి బయటి చివర విల్లులా వంగిన ఒక తెల్లటి మెరుపు కనబడి మాయమైంది. తల తిప్పితే మళ్లీ వచ్చింది. ఎక్కడా నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు, పగలు పత్రిక మామూలుగానే చదువుకున్నారు. ఇంట్లో వాళ్లు వేడి చేసిందేమో, నీరసమేమో అన్నారు. మూడో రోజు ఉదయం ఆ కంటి ముందు పొగచూరు చల్లినట్టు లెక్కలేనన్ని సన్నని నల్ల చుక్కలు తేలాయి.

ఆ మూడు రోజుల్లో కంటి లోపల ఏం జరిగిందో తెలుసుకుంటే, ఆ ఉదయమే ఆయన కంటి ఆసుపత్రికి ఎందుకు వెళ్లాలో అర్థమవుతుంది.

కంటిగుడ్డు లోపలి ఖాళీని నింపుతూ సుమారు నాలుగు మిల్లీలీటర్ల పారదర్శకమైన జెల్లీ ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. అందులో తొంభై ఎనిమిది పాళ్లు నీరే; మిగిలిన కాస్తలో ఉండే కొల్లాజెన్ అనే సన్నటి పోగులే దానికి ఆకారాన్నిస్తాయి. వయసు పెరిగేకొద్దీ తాటిముంజ నడుమ నీరున్నట్టు ఈ జెల్లీ మధ్యలో కూడా నీటి అరలు ఏర్పడతాయి, పోగులు ఒకచోటికి చేరి ముద్దకడతాయి. ఆ ముద్దల నీడ, కంటి వెనుక గోడకు లోపలి వైపు పరుచుకొని వెలుగును గ్రహించే పలుచని పొర అయిన రెటీనా మీద పడినప్పుడు కంటి ముందు దోమలు, దారపు ముక్కలు, సాలెగూళ్లు తేలుతున్నట్టు కనిపిస్తుంది. చివరికి ఒక దశలో జెల్లీ కుంచించుకుపోయి, అంతవరకు అంటుకొని ఉన్న రెటీనా నుంచి ఊడి ముందుకు వస్తుంది. యాభై దాటినవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగి తీరుతుంది. దూరపు చూపు బాగా తక్కువగా ఉన్నవారికి, శుక్లాల ఆపరేషన్ అయినవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి ఇంకా ముందే జరగవచ్చు.

జెల్లీ ఊడేటప్పుడు రెటీనాను లాగుతుంది. రెటీనాలో నొప్పిని తెలిపే నరాలు లేవు. దాన్ని ఏది కదిపినా, లాగినా, అది మెదడుకు ఒక్క వెలుగు భాషలోనే చెప్పగలదు. ఉపాధ్యాయుడికి చీకట్లో కనబడిన మెరుపు బయటి నుంచి వచ్చిన కాంతి కాదు, లోపల రెటీనాను పట్టి లాగిన లాగుడు. కన్ను కదిలినప్పుడల్లా జెల్లీ ఊగుతుంది కనుకనే తల తిప్పితే అది మళ్లీ కనబడింది. మైగ్రేన్‌లో కనబడే మెరుపుల తీరు వేరు. అవి తరచుగా వంకర టింకర గీతలుగా మొదలై, ఇరవై ముప్పై నిమిషాల పాటు మెల్లగా విస్తరించి పోతాయి. ఏ కన్ను మూసినా రెండో కంటికి కనబడుతూనే ఉంటాయి.

ఎక్కువమందిలో జెల్లీ ఏ హానీ చేయకుండానే విడివడుతుంది. అయితే కొన్నిచోట్ల అది రెటీనాను గట్టిగా పట్టుకొని ఉంటుంది, అక్కడ లాగుడుకు రెటీనా గుర్రపు లాడం ఆకారంలో చిరుగుతుంది. ఇలాంటి కొత్త లక్షణాలతో వచ్చేవారిలో ఇంచుమించు ఏడుగురిలో ఒకరికి చిరుగు కనబడుతుంది. చిరిగినప్పుడు సన్నటి రక్తనాళం తెగితే రక్తకణాలు, రెటీనా వెనుక పొర నుంచి రంగు రేణువులు జెల్లీలోకి రాలుతాయి. మూడో రోజు ఉదయం పొగచూరులా కనబడింది అదే. ఇక్కడ మనల్ని మోసగించే విషయం ఒకటుంది: చిరిగిన తర్వాత లాగుడు సడలితే మెరుపులు తగ్గిపోవచ్చు, అది చూసి రోగి నయమవుతోందని నమ్ముతాడు. హాని లేని విడివడటానికీ చిరుగుకీ ఉన్న తేడాను రోగి తన అనుభవాన్ని బట్టి తేల్చుకోలేడు, ఫోనులో విన్న వైద్యుడూ తేల్చలేడు. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి, తలకు కట్టుకునే దీపంతో, చేతిలో భూతద్దంతో రెటీనా అంచుల వరకు వెతికితేనే తెలుస్తుంది. కళ్లజోళ్ల దుకాణంలో అక్షరాలు చదివించి సరిగానే ఉన్నాయని చెబితే దాన్ని పరీక్ష అనుకోకూడదు, ఎందుకంటే చిరుగు ఉండేది అంచున, అక్షరాలు చదివేది మధ్య భాగం. చుక్కల మందు వేసిన తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లాలి.

అదే రోజు వెళ్లిన ఉపాధ్యాయుడికి కుడి రెటీనా పైభాగంలో, బయటి వైపు చిరుగు దొరికిందనుకుందాం. కంటిని మొద్దుబార్చే చుక్కలు వేసి, చిరుగు చుట్టూ రెండు మూడు వరుసలుగా లేజర్‌తో చిన్న మచ్చలు పెడతారు. సుమారు పావుగంట పని, సాయంత్రానికి ఇంటికి వెళ్లవచ్చు. ఆ మచ్చలు మానుతూ రెటీనాను కింది పొరకు అతికించి గట్టిపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

వెళ్లకపోతే, నీరుగా మారిన విట్రియస్ ఆ చిరుగు గుండా రెటీనా వెనక్కి చేరి, చెమ్మ ఎక్కిన గోడ మీది కాగితంలా దాన్ని లేపడం మొదలుపెడుతుంది. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కనుక పైన బయటి వైపు లేచిన భాగం, చూపులో కింద ముక్కు వైపు నల్లటి తెరగా కనిపిస్తుంది. పైభాగపు చిరుగుల్లో నీరు తన బరువుతో కిందికి దిగుతుంది కాబట్టి తెర త్వరగా పాకుతుంది. ఒక్కోసారి ఒకటి రెండు రోజులే పట్టవచ్చు. అది రెటీనా నడిమి భాగమైన మాక్యులాను చేరిన గడియ నుంచి ఎదుటి మనిషి ముఖం మసకబారుతుంది, తలుపు అంచు వంకరగా కనిపిస్తుంది. వెలుగును గ్రహించే కణాలకు ప్రాణవాయువు వెనుక పొర నుంచే అందుతుంది; దానికి దూరమైన కణాలు గంటలు గడిచేకొద్దీ దెబ్బతింటాయి. మాక్యులా ఇంకా అతికి ఉండగానే ఆపరేషన్ జరిగితే మునుపటి చూపు నిలిచే అవకాశం ఎక్కువ. అది ఊడిన తర్వాత రెటీనాను తిరిగి అతికించగలిగినా, చదివే చూపు పూర్తిగా రాకపోవచ్చు. అందుకే వైద్యులు మొదట అడిగేది తెర ఎప్పుడు మొదలైంది, నడిమి చూపు ఉందా లేదా అని.

చిరుగును మూస్తేనే రెటీనా అతుక్కుంటుందని నిరూపించినవాడు లోజాన్‌లో పనిచేసిన స్విస్ వైద్యుడు జూల్ గోనాఁ. 1920లకు ముందు ఈ రోగులను కళ్లకు కట్టు కట్టి వారాల తరబడి పడుకోబెట్టేవారు, చూపు మాత్రం దాదాపు ఎవరికీ దక్కేది కాదు. ఆయన కాల్చిన సూదితో చేసిన పనినే నేటి లేజర్ చేస్తోంది.

మెరుపులు, చుక్కలు ఏమీ లేకుండా ఒక కంటి చూపు ఉన్నట్టుండి ఆరిపోతే మాత్రం అది వేరే సంగతి, ఇంకా తొందరగా కదలవలసిన సంగతి. రెటీనాకు రక్తం తెచ్చే ధమని మూసుకుపోతే కొద్ది గంటల్లోనే కణాలు చనిపోతాయి. చూపు కొన్ని నిమిషాలు పోయి తిరిగి వచ్చినా అది పక్షవాతానికి ముందస్తు సూచన కావచ్చు కాబట్టి, అలాంటివారు వెంటనే అత్యవసర విభాగమున్న పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మొదటి పరీక్షలో చిరుగు కనబడకపోయినా జెల్లీ పూర్తిగా విడివడే వరకు కొత్త చిరుగు పడవచ్చు. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు. ఈ లోగా చుక్కలు పెరిగినా, తెర కనబడినా ఆ తేదీ కోసం ఎదురుచూడకుండా అప్పుడే వెళ్లాలి. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. అందువల్ల రోజూ ఒక్కో కన్ను మూసి ఎదుటి గోడను, గుమ్మం అంచును చూసుకోమని ఉపాధ్యాయుడికి చెప్పి పంపారు. ఎడమ కన్ను సంగతీ అంతే: ఒక కంటిలో విడివడిన జెల్లీ తర్వాతి కొన్నేళ్లలో రెండో కంటిలోనూ విడివడటం మామూలే, అప్పుడు ఆ కంటికీ అదే రోజు పరీక్ష కావాలి.